వానాకాలంలో సైకిలు ప్రయాణం: కాళ్లూ సంచీ తడవకుండా మడ్‌గార్డును, వాన ప్యాంటును అమర్చుకునే పద్ధతి

సైకిలు మీద పనికి వెళ్లేవారి కాళ్లను పైనుంచి పడే వాన ఎంత తడుపుతుందో, సొంత చక్రాలు చిమ్మే నీరు కూడా దాదాపు అంతే తడుపుతుంది. వాన ఆగిపోతే పైనుంచి పడే నీరు ఆగుతుంది కాని, రోడ్డు మీద తడి ఉన్నంతసేపూ చక్రం చిమ్ముతూనే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి సరిహద్దు దాటి ఒడిశాలోని పర్లాకిమిడికి రోజూ సైకిలు మీద వెళ్లివచ్చేవారికి ఇది బాగా తెలిసిన సంగతే. వాన వెలిసిన గంట తరువాత బయలుదేరినా, గమ్యం చేరేసరికి బూట్ల మీదా, ప్యాంటు అంచుల మీదా ఎర్రమట్టి చుక్కలు కనిపిస్తాయి. అందుచేత ముందు మడ్‌గార్డును సరిచేసుకుని, ఆ తరువాతే వాన ప్యాంటు కొనుక్కోవాలని నా అభిప్రాయం. మడ్‌గార్డు సరిగా లేని సైకిలు మీద ఎంత ఖరీదైన ప్యాంటు వేసుకున్నా, కిందినుంచి ఎగిరే నీరు ప్యాంటు కాలి అంచులోంచి లోపలికి దూరి బూట్లను నింపేస్తుంది.

నీరు ఎటునుంచి ఎగురుతుంది

తిరుగుతున్న చక్రాన్ని అంటుకున్న నీరు, అది వదిలిన చోట చక్రం అంచు ఏ దిక్కుకు కదులుతోందో ఆ దిక్కుకే ఎగురుతుంది. ముందు చక్రం వెనకవైపు, నేలకు కొంచెం పైన టైరును వదిలిన చుక్క వెనక్కి, దాదాపు నేలకు సమాంతరంగా పోతుంది. ఇంకాస్త పైన వదిలిన చుక్క వెనక్కీ పైకీ ఏటవాలుగా లేచి సరిగ్గా పాదాలకూ పిక్కలకూ తగులుతుంది. ఇరుసు ఎత్తులో వదిలిన చుక్క నిట్టనిలువుగా లేస్తుంది. చక్రం పైభాగాన వదిలిన చుక్క సైకిలు కంటే వేగంగా ముందుకు ఎగిరి, మనం దాని మీదికే వెళ్లడంతో ముఖానికీ మోకాళ్లకూ తగులుతుంది.

ఎంత ఎత్తుకు లేస్తుందనేది వేగాన్ని బట్టి ఉంటుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో చుక్క టైరును వదిలిన చోటునుంచి సుమారు 90 సెంటీమీటర్లు లేవగలదు. అదే 20 కిలోమీటర్ల వేగమైతే సుమారు ఒకటిన్నర మీటరు లేస్తుంది. వెనక చక్రానికి మడ్‌గార్డు లేని సైకిలు నడిపినవారి చొక్కా మీద వీపు మధ్యదాకా బురద గీత పడటానికి కారణం ఇదే. నీరు నిలిచిన చోట వేగం కాస్త తగ్గిస్తే చిమ్మే ఎత్తు సగానికి దగ్గరగా పడిపోతుందని కూడా ఈ లెక్క చెబుతోంది.

పాదాల విషయానికి వస్తే, ముందు చక్రం వెనకవైపు, నేలకూ ఇరుసుకూ మధ్యనున్న ఆ కొద్ది జాగా అన్నిటికన్నా ముఖ్యమైనది. దుకాణాల్లో అమ్మే సైకిళ్లలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా అదే. పాతకాలపు నల్ల సైకిలుకు ఇనుప మడ్‌గార్డు ఇరుసుకు బాగా కిందిదాకా దిగి ఉండేది. చాలావాటికి చివర ఒక రబ్బరు ముక్క కూడా వేలాడేది. ఇప్పుడు కుర్రవాళ్లు ఇష్టపడే లావు టైర్ల సైకిళ్లకు వచ్చే పొట్టి ప్లాస్టిక్ మడ్‌గార్డు చూపుకు బాగుంటుంది, కాని అది ఇరుసు ఎత్తుకు పైనే ఆగిపోతుంది. అంటే పాదాల మీదికి చిమ్మే భాగాన్ని పూర్తిగా వదిలేసి, పాదాల జోలికి రాని భాగాన్ని కప్పుతోందన్నమాట.

కొలతలు తీసుకోవడం

పర్లాకిమిడిలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూ పాతపట్నం నుంచి వెళ్లివచ్చే మా మేనల్లుడి సైకిలును ఉదాహరణగా తీసుకుందాం. దానిది 26 అంగుళాల చక్రం. టైరు పక్కన 26×1.95 అని ఉంటుంది, అంటే టైరు వెడల్పు సుమారు 50 మిల్లీమీటర్లు. గాలి నిండుగా ఉన్నప్పుడు నేలనుంచి ఇరుసు మధ్యకు ఎత్తు 33 సెంటీమీటర్లు.

మడ్‌గార్డు వెడల్పు టైరు వెడల్పు కంటే కనీసం 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఈ సైకిలుకు 60 మిల్లీమీటర్ల మడ్‌గార్డు సరిపోతుంది. సన్న టైరున్న నల్ల సైకిలుకైతే 50 చాలు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తారు రోడ్డు మీద నడిచే సైకిలుకు 10 మిల్లీమీటర్లున్నా చాలు కాని, మన వైపు ఊళ్లోకి తిరిగే దారుల్లో ఎర్రమట్టి ముద్దలా టైరుకు అంటుకుంటుంది కనుక 15 నుంచి 20 మిల్లీమీటర్లు వదలడం మంచిది. ఖాళీ తక్కువైతే మట్టి లోపల పేరుకుని టైరును రాసుకుంటుంది. చక్రం బరువుగా తిరుగుతూ గరగరమని చప్పుడు వస్తే, సైకిలు దిగి పుల్లతో ఆ మట్టిని గీకేయాలి.

ఇక అసలైన కొలత ముందు మడ్‌గార్డు కింది అంచుకు నేలనుంచి ఎత్తు. పెద్ద మడ్‌గార్డు వేస్తే ఈ సైకిలుకు ఆ అంచు నేలకు 18 సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతుంది. లెక్కవేసి చూస్తే ఆ అంచు కిందినుంచి తప్పించుకునే చుక్కలు సుమారు 45 డిగ్రీల ఏటవాలుతో లేస్తాయి, అంటే పెడల్ మీదున్న పాదానికీ చీలమండకూ నేరుగా తగులుతాయి. అక్కడినుంచి ఒక రబ్బరు ఫ్లాపు వేలాడదీసి, దాని అంచును నేలకు 8 సెంటీమీటర్లదాకా దించితే, తప్పించుకునే చుక్కల ఏటవాలు 20 డిగ్రీలకన్నా తగ్గిపోతుంది. అవి పెడల్ అత్యంత కిందికి దిగినప్పుడు బూటు అడుగుకు తగిలితే తగలవచ్చు గాని, పైకి రావు. పది సెంటీమీటర్ల రబ్బరు ముక్కతో వచ్చే తేడా ఇంత ఉంటుంది. మేనల్లుడు కొత్త మడ్‌గార్డు బిగించమని ఇచ్చినప్పుడు సైకిలు మేస్త్రీ కూడా ఈ మాటే అన్నాడు: “మడ్‌గార్డు ఎంత పొడుగుంటే ఏటి లాభం బాబూ, కింద రబ్బరు నేకపోతే నీళ్లన్నీ కాళ్ల మీదికే కదా వొస్తాయి.”

బిగించే క్రమం

ముందు చక్రాన్ని ఊడదీసి, మడ్‌గార్డు మధ్యనున్న రేకు పట్టీని ఫోర్కు పైభాగంలోని రంధ్రానికి బోల్టుతో వదులుగా తగిలించాలి. చక్రాన్ని తిరిగి ఎక్కించిన తరువాత, రెండు వైపులా కమ్మీలను ఫోర్కు కొనల దగ్గరున్న రంధ్రాలకు తగిలించాలి. రంధ్రాలు లేని సైకిలుకు ఇరుసు నట్టు కిందే కమ్మీ కన్నాన్ని ఉంచి బిగిస్తారు. అన్నీ వదులుగా ఉన్నప్పుడే చక్రాన్ని చేత్తో తిప్పుతూ, టైరు మడ్‌గార్డుకు సరిగ్గా మధ్యలో తిరుగుతోందా, ఖాళీ ముందునుంచి వెనకదాకా ఒకేలా ఉందా అని చూసుకుని, అప్పుడు ఫోర్కు దగ్గరి బోల్టును, ఆ తరువాత కమ్మీలను బిగించాలి. ఈ వరస తిరగబడితే మడ్‌గార్డు మెలిపడి ఒక పక్కకు లాగుతుంది. బిగించినప్పుడు బాగానే కనిపించినా కొద్దిరోజుల్లో బోల్టు దగ్గర పగులు వస్తుంది. ప్రతి బోల్టుకూ వాచరు వేయాలి, లేకపోతే గతుకుల రోడ్డు మీద అది దానంతట అదే ఊడివస్తుంది.

కమ్మీల కొనలు మడ్‌గార్డు క్లిప్పుల్లోంచి బయటకు పొడుచుకుని ఉండకూడదు. మిగిలిన భాగాన్ని కోసి ఆకురాయితో నునుపు చేయాలి. ముందు చక్రం విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది. రోడ్డు మీది పుల్లో, తీగో టైరుతో పాటు లేచి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుంటే, మడ్‌గార్డు ముడుచుకుపోయి చక్రాన్ని ఒక్కసారిగా ఆపేయగలదు. అలా జరిగితే మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. అందుకే ప్లాస్టిక్ మడ్‌గార్డు కొనేటప్పుడు ముందు కమ్మీలకు గట్టిగా లాగితే ఊడివచ్చే ప్లాస్టిక్ క్లిప్పులున్నవి అడిగి తీసుకోవాలి, వాటిని ఇనుప తీగతో కట్టి బిగించకూడదు. సైకిలు ఎక్కి, పెడల్‌ను ముందుకు తెచ్చి, హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పి, బూటు కొన మడ్‌గార్డుకు తగులుతోందేమో కూడా చూసుకోవాలి. పొట్టి సైకిళ్లలో తగులుతుంది. అలాంటప్పుడు మెల్లగా మలుపు తిరిగేటప్పుడు బూటు తగిలే వైపు పెడల్‌ను ముందుకు రానివ్వకుండా జాగ్రత్తపడాలి.

ఫ్లాపు కోసం కొత్తగా కొననక్కరలేదు. మోటారుసైకిలు సామాన్ల దుకాణంలో దొరికే మందపాటి రబ్బరు ముక్క అన్నిటికన్నా మేలు. అది దొరకకపోతే ఐదు లీటర్ల నూనె డబ్బా పక్కభాగాన్ని కోసి వాడవచ్చు. పాత ట్యూబు ముక్క మాత్రం పనికిరాదు. అది మరీ పలచన కనుక గాలికి వెనక్కి లేచిపోతుంది, తడిస్తే మడతపడుతుంది. ఫ్లాపును పైన 6, కింద 11 సెంటీమీటర్ల వెడల్పుతో, కిందికి పోనుపోను విప్పారేలా కత్తిరించాలి. పొడవు 13 సెంటీమీటర్లుంటే పై 3 సెంటీమీటర్లు మడ్‌గార్డు మీదికి ఎక్కి, మిగతా 10 వేలాడుతుంది. మడ్‌గార్డు లోపలివైపున, అంటే టైరు వైపున దాన్ని ఉంచి, రెండు కన్నాలు పెట్టి, పెద్ద వాచర్లతో రెండు చిన్న బోల్టులు వేయాలి.  బోల్టు తల టైరు వైపు, నట్టు బయటివైపు ఉండాలి. కింద వెడల్పు ఎందుకు పెంచామంటే, టైరు పక్కలనుంచి వచ్చే నీరు విసనకర్ర ఆకారంలో విప్పారుతుంది, పాదాలు రెండూ ఆ విసురుకు చెరోపక్కన ఉంటాయి. స్పీడు బ్రేకర్ల దగ్గర ఫ్లాపు నేలను రాసుకున్నా, అది మెత్తగా వంగుతుంది కనుక ఇబ్బంది ఉండదు.

వెనక మడ్‌గార్డులో చూడవలసినవి రెండే. దాని ముందు కింది కొన పెడల్ ఇరుసు దగ్గరిదాకా దిగి ఫ్రేముకు బిగిసి ఉండాలి, లేకపోతే వెనక చక్రం బురద చైను మీద పడుతుంది. క్యారియర్ కింద మడ్‌గార్డు తెగకుండా సాగాలి. పొట్టి మడ్‌గార్డు సీటు కిందనే ఆగిపోతే, క్యారియర్ మీద పెట్టిన సంచి అడుగు మొత్తం ఆ నీటినే తాగుతుంది. పైన ఎంత మంచి కవరు తొడిగినా సంచి అడుగున తడి ఎందుకు వస్తోందని వెతికేవారు ముందు క్యారియర్ కిందికి వంగి చూడాలి.

సరిగా బిగిసిందో లేదో పరీక్ష

వాన పడిన మరుసటి పొద్దున, సైకిలు హ్యాండిల్ దగ్గరనుంచి పెడల్ ఇరుసుకు దిగే గొట్టం కిందివైపునా, మీ రెండు బూట్ల మీదా పాత వార్తాపత్రిక ముక్కలు రబ్బరు బ్యాండ్లతో కట్టి, నీరు పలచగా నిలిచిన రోడ్డు మీద రోజూ వెళ్లే వేగంతో ఒక వంద గజాలు నడపండి. మన ఎర్రమట్టి నీరు కాగితం మీద చక్కగా మచ్చ పడుతుంది కనుక నీరు ఎక్కడినుంచి వచ్చిందో అది చెప్పేస్తుంది. గొట్టం కింద కాగితం మధ్యలో పొడుగాటి గీత పడితే ఫ్లాపు ఇంకా కిందికి దిగాలి. గొట్టం మీద శుభ్రంగా ఉండి, రెండు బూట్ల బయటి అంచుల మీద చుక్కలుంటే ఫ్లాపు వెడల్పు చాలలేదు. ఒక్క బూటు మీదే చుక్కలుంటే మడ్‌గార్డు పక్కకు జరిగింది, కమ్మీ సరిచేయాలి. మడ్‌గార్డు సరిగా బిగిశాక కూడా వాన పడేటప్పుడు మోకాళ్ల దగ్గర మాత్రమే తడిస్తే అది టైరు పని కాదు, పైనుంచి పడిన వానే. దానికి ప్యాంటు ఒక్కటే దారి.

వాన ప్యాంటు ఎలాంటిది కొనాలి

సాధారణంగా దుకాణాల్లో మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి పీవీసీ పూతతో, మందంగా, చవగ్గా ఉండే రకం. రెండవది పలచని పాలియెస్టర్ గుడ్డకు లోపల పాలియురెథేన్, అంటే పీయూ పూత వేసిన రకం. మూడవది చెమట ఆవిరిని బయటకు పంపే పొరతో వచ్చే ఖరీదైన రకం. మూడవ రకం మీద డబ్బు పెట్టే ముందు ఒక విషయం ఆలోచించాలి. ఆ పొర గుండా ఆవిరి బయటకు పోవాలంటే లోపలి గాలిలో తేమ బయటి గాలిలో కంటే బాగా ఎక్కువ ఉండాలి. చలిదేశాల్లో ఆ తేడా పెద్దది. శ్రావణ మాసంలో మన వైపు గాలి వెచ్చగా, తేమతో నిండిపోయి ఉంటుంది కనుక ఆ తేడా చాలా తక్కువ, ఆ పొర పనితనమూ అంతే తక్కువ. ఆ డబ్బుకు రెండవ రకంలో అతుకుల మీద లోపల టేపు అంటించిన మంచి ప్యాంటు వస్తుంది. కొద్ది కిలోమీటర్ల ప్రయాణానికి నేను దానినే ఎంచుకుంటాను. చెమటకు మందు వేరే ఉంది: కింద నిక్కరు వేసుకుని, దాని మీద వాన ప్యాంటు తొడిగి, ఆఫీసు ప్యాంటును మడిచి సంచిలో పెట్టుకోవడం.

దుకాణంలో ప్యాంటును నిలబడి చూసుకుంటే సరిపోదు. సైకిలు మీద మోకాలు వంగినప్పుడు కాలి అంచు ఒక అరజానెడు పైకి లేచి చీలమండ బయటపడుతుంది. కాబట్టి కుర్చీలో కూర్చుని, మోకాలు ఎత్తి, అంచు బూటు పైభాగాన్ని కప్పుతోందో లేదో చూడాలి, కప్పకపోతే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. కాలి అంచు బూట్లు విప్పకుండానే తొడుక్కునేంత వెడల్పుగా, జిప్పుతో ఉండి, పైనుంచి అంటుకునే పట్టీతో బిగించుకునేలా ఉండాలి. కుడికాలి పట్టీ మరింత గట్టిగా ఉండాలి, లేకపోతే గుడ్డ చైనులో పడి చిరుగుతుంది. ముందు జిప్పు లేకుండా నడుముకు ఎలాస్టిక్ ఉన్నదే మేలు, జిప్పు ఉన్నచోట నీరు దారి చేసుకుంటుంది.

అన్నిటికంటే ముందు కారేది సీటు మీద కూర్చునే చోట నాలుగు అతుకులు కలిసే బిందువు. సీటు రాపిడికి అక్కడి టేపు లేస్తుంది. కొన్నవెంటనే ఇంట్లో పరీక్షించవచ్చు: ప్యాంటును లోపలిది బయటకు తిప్పి, తొట్టి మీద పట్టుకుని, ఆ అతుకుల దగ్గర గుంటలా చేసి ఒక చెంబు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి, కిందివైపు చూడండి. ఒక్క బొట్టు కారినా మార్చి ఇమ్మని అడగవచ్చు. వాడుతుండగా తడిస్తే, అది చెమటో, కారుతోందో ఇలా తేల్చుకోవచ్చు. తొడల మీద అంతటా ఒకేలా చెమ్మగా ఉంటే చెమట. కూర్చునేచోటో, అతుకు వెంటో ఒక చల్లటి మచ్చలా ఉంటే కారుతున్నట్టు.

వేసుకునే పద్ధతిలో ఒక్కటే సూత్రం: పైది కిందిదాని మీద పడాలి. కోటు అంచు ప్యాంటు బయట ఉండాలి, ప్యాంటు అంచు బూటు బయట ఉండాలి. రబ్బరు బూట్లు వేసుకుని ప్యాంటును లోపలికి దోపితే ఒంటి మీద పడిన నీరంతా బూటులోకే జారుతుంది. పొట్టి దూరాలకు నీటికి పాడవని చెప్పులు వేసుకుని, బూట్లను సంచిలో తీసుకుపోవడం మరింత సులువు.

ప్యాంటును తడిగా మడిచి సంచిలో వదిలేయవద్దు. పీయూ పూత వేడికీ తేమకూ మెత్తబడి జిగటగా మారి, పొరలు పొరలుగా లేస్తుంది. ఆ తరువాత దాన్ని బాగుచేయడం సాధ్యం కాదు. చేరగానే ఆఫీసు వెనక వసారాలో దండెం మీద ఆరేయాలి, ఇంట్లో కొద్దిపాటి సబ్బుతో చల్లనీళ్లలో జాడించి నీడన ఆరబెట్టాలి, ఇస్త్రీ చేయకూడదు. సెప్టెంబరు కాగానే పెట్టెలో పెట్టేయకూడదు కూడా. గజపతి, శ్రీకాకుళం జిల్లాలను అతలాకుతలం చేసిన తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చింది.

సంచి సంగతి

సంచిని వీపున వేసుకుంటే, మెడమీదుగా జారే నీరు వీపుకూ సంచికీ మధ్యకు చేరుతుంది. బయట తొడిగే కవరు ఆ వైపును కప్పదు. అదీగాక కవరు అడుగున నీరు గుంటలా చేరుతుంది కనుక సంచి ఆ నీటిలోనే మునిగి ఉంటుంది. కవరు అడుగున ఒక చిన్న కన్నం పెడితే ఆ బాధ తగ్గుతుంది. సంచిని క్యారియర్ మీద పెట్టి, నీళ్లు దిగని మందపాటి ప్లాస్టిక్ సంచిని దాని లోపల అమర్చడం నేను చూసినవాటిలో అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఎరువుల బస్తా లోపల వచ్చే పాలిథిన్ సంచి దీనికి బాగా సరిపోతుంది. దాన్ని రెండు మూడు నీళ్లలో బాగా కడిగి ఆరబెట్టాలి, అన్నం క్యారియర్‌ను మాత్రం అందులో పెట్టకూడదు. పురుగుమందు వచ్చిన సంచినైతే ముట్టుకోకూడదు. కాగితాలు, ఫోను, మార్చుకునే ప్యాంటు లోపల పెట్టాక, గాలి బయటకు నొక్కి, మూతిని మూడుసార్లు మడతపెట్టి చుట్టి, గట్టి క్లిప్పుతోనో రబ్బరు బ్యాండుతోనో బిగించాలి. ఒక్క మడత చాలదు, రెండు మడతలు సందేహమే. మూడు మడతలైతే సంచి పూర్తిగా తడిసినా లోపలికి నీరు పోదు. విప్పిన వాన ప్యాంటును మాత్రం ఆ లోపలి సంచిలో ఎప్పుడూ పెట్టకూడదు, దానికి బయటి జేబు ఒకటి వేరుగా ఉంచాలి.

మహేంద్రతనయ నది పొంగి రోడ్డు మీదికి నీరు పారుతున్న రోజున ఈ ఏర్పాట్లేవీ పనికిరావు. పారే నీటిలో చక్రం కింద రోడ్డు ఉందో లేదో కనిపించదు కనుక, ఆ రోజు సైకిలును ఇంట్లో ఉంచడమే సరైనది.